రాత్రి ముహూర్తం పెళ్లికి హోటల్ హాల్ బుక్ చేస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

మా అన్నయ్య కూతురి పెళ్లి ఈమధ్య విజయవాడలో ఒక హోటల్ బాంక్వెట్ హాల్లో చేశాం. ముహూర్తం శనివారం రాత్రి 1.52కి, అంటే తెల్లవారితే ఆదివారం. పిల్లలు తలంబ్రాలు పోసుకుంటున్న సమయంలో, వాళ్లకు మూడడుగుల దూరంలో ఒక కుర్రాడు నిచ్చెనెక్కి మండపం స్తంభానికి కట్టిన బంతిపూల దండలు విప్పుతున్నాడు. విప్పిన దండల్ని ప్లాస్టిక్ గోతంలో కుక్కుతున్నాడు. పెళ్లి వీడియోలో అదంతా ఉంది. మా వదిన ఇప్పటికీ ఆ భాగం చూడలేదు.

ఎందుకిలా జరిగిందో వివరంగా రాస్తున్నాను. మాది ఒక్కరిదే కాదు, రాత్రి ముహూర్తం పెట్టుకున్న ఎవరికైనా ఇది జరగొచ్చు.

మనకు రోజు అంటే సూర్యోదయం నుంచి మర్నాడు సూర్యోదయం దాకా. పంతులుగారు శనివారం అని రాశారంటే ఆ రాత్రంతా శనివారమే. హోటల్ వాళ్ల లెక్క అది కాదు. వాళ్ల ఫంక్షన్ డైరీలో ఒక్కో తేదీకి రెండే గళ్లు ఉంటాయి: లంచ్ సెషన్, డిన్నర్ సెషన్. డిన్నర్ సెషన్ రాత్రి పదకొండు, పదకొండున్నరకు అయిపోతుంది. ఆ తర్వాత నుంచి తెల్లవారేదాకా ఉన్న సమయం డైరీలో ఎవరి పేరు మీదా ఉండదు. మన ముహూర్తం సరిగ్గా ఆ ఖాళీలో పడుతుంది.

అన్నయ్య, నేను బుకింగ్‌కి వెళ్లినప్పుడు శుభలేఖ నమూనా చూపించాం. సేల్స్‌లో ఉన్న అబ్బాయి ముహూర్తం టైము చదివాడు, తలూపాడు, "శనివారం డిన్నర్ సార్" అని రాసుకున్నాడు. మేమూ శనివారమే కదా అనుకుని అడ్వాన్స్ కట్టి వచ్చేశాం. తర్వాత ఆదివారం లంచ్ సెషన్‌ని వేరే వాళ్ల పెళ్లికి ఇచ్చారు. వాళ్ల ముహూర్తం ఉదయం 8.20కి. మంచి ముహూర్తాలు కొన్ని తేదీల్లోనే గుంపుగా వస్తాయి కాబట్టి అలాంటి రోజుల్లో ఏ హోటలూ ఒక్క సెషన్‌ని ఖాళీగా వదలదు. డైరీ ప్రకారం చూస్తే రెండు బుకింగులూ ఒకదానికొకటి అడ్డురావు. డైరీలో లేనిదల్లా డెకరేషన్‌కి పట్టే టైము. పాత మండపం విప్పి కొత్తది కట్టి, పూలు, లైట్లు పెట్టాలంటే ఎంత త్వరగా చేసినా ఐదారు గంటలు పడుతుంది. ఎనిమిదింటి ముహూర్తానికి అర్ధరాత్రి దాటగానే పని మొదలుపెట్టక తప్పదు.

రాత్రి 12.10కి వాళ్ల డెకరేషన్ మనుషులు నిచ్చెనలు, థర్మాకోల్ స్తంభాలు పట్టుకుని హాల్లోకి వచ్చారు. అప్పటికి అమ్మాయి గౌరీపూజలో ఉంది. వెనక వరసల్లో కుర్చీలు లాగడం మొదలుపెట్టేసరికి మగపెళ్లివారు, గుంటూరు నుంచి వచ్చినవాళ్లు, ఏం జరుగుతోందో అర్థంకాక మా వైపు చూశారు. నేను డ్యూటీ మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన డైరీ తీసి చూపించాడు. "మీకు పదకొండున్నర వరకే ఉంది సార్. అయినా మేం ఆపలేదు కదా!" అన్నాడు. బతిమాలితే రెండున్నర వరకూ ఆగారు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ ప్రశాంతంగానే అయ్యాయి. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి గడువు తీరింది. ఆ డెకరేషన్ వాళ్లనీ నేను తప్పుపట్టను. ఇంకో ఆడపిల్ల పెళ్లి వాళ్ల చేతుల్లో ఉంది. తప్పు ముహూర్తం టైము చదివి కూడా డిన్నర్ అని రాసుకున్న హోటల్‌ది.

బుకింగ్ రోజున మేం చేయాల్సిన పని ఒకటుంది, చేయలేదు. మన తేదీతో పాటు మర్నాటి పేజీ కూడా తీయించి చూడాలి. మర్నాడు లంచ్ సెషన్ ఎవరికైనా ఇచ్చారా, వాళ్ల డెకరేషన్ మనుషులు హాల్లోకి ఎన్నింటికి వస్తారు అని అడగాలి. ఇంకా ఇవ్వకపోతే ఆ సెషన్ కూడా మనమే తీసుకుంటే ఎంత అవుతుందో బేరమాడాలి. పెళ్లయ్యాక అదే మేనేజర్ చెప్పాడు, ముందే అడిగి ఉంటే సగం రేటుకి ఇచ్చేవాళ్లమని. అంత ఖర్చు పెట్టలేకపోతే, ఉదయం ఆరు దాకా వేరేవాళ్లు హాల్లోకి రాకూడదనైనా రాయించుకోవాలి. కొత్తగా ఇచ్చేవాళ్లకు వాళ్లు ఆ షరతు చెప్పే ఇస్తారు.

రాయించుకునేది రసీదు మీద కాదు. హోటల్ వాళ్లు ఫంక్షన్ ప్రాస్పెక్టస్ అని ఒక కాగితం తయారుచేస్తారు, వాడుకలో ఎఫ్.పి. అంటారు. కిచెన్‌కి, ఎలక్ట్రీషియన్‌కి, సెక్యూరిటీకి వెళ్లేది అదే. సేల్స్ అబ్బాయి నోటిమాటగా ఒప్పుకున్నది అందులో లేకపోతే ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు తెలిసే దారి లేదు. మా ఎఫ్.పి.లో ముహూర్తం టైమే లేదు. మెనూ మాత్రం పచ్చళ్లతో సహా ఉంది.

సీట్ల విషయంలోనూ దెబ్బతిన్నాం. ఐదు వందల మంది కూర్చుంటారు అన్నారు. హాలు పొడవు తొంభై అడుగులు, వెడల్పు యాభై. మనిషికి తొమ్మిది చదరపు అడుగుల చొప్పున లెక్కేస్తే ఐదు వందలు వస్తుంది, నిజమే. కానీ అది మీటింగ్‌కి గోడ నుంచి గోడకి కుర్చీలు వేస్తే వచ్చే లెక్క. పెళ్లికైతే ముందువైపు మండపమే పదహారు అడుగుల లోతు తింటుంది. దాని ముందు ఫొటోగ్రాఫర్లకు, అక్షింతలు వేసేవాళ్లకు పన్నెండు అడుగులు వదలాలి. వెనక గుమ్మం దగ్గర ఎనిమిది. ఇక మిగిలింది యాభై నాలుగు అడుగులు. వరసకి మూడడుగులు పోతే పద్దెనిమిది వరసలు. మధ్యలో ఆరడుగుల దారి, రెండు గోడల పక్కన మూడేసి అడుగులు వదిలితే వరసకి ఇరవై కుర్చీలు పడతాయి. మొత్తం మూడు వందల అరవై. రిసెప్షన్ టైములో మా పెద్దవాళ్లు చాలామంది లాబీలో నిలబడిపోయారు. ఎనభై ఏళ్ల మా మేనత్త మెట్ల మీద కూర్చుంది.

అందుకే కెపాసిటీ ఎంత అని అడక్కండి. మండపం గీసి, కుర్చీలు వేసిన లేఅవుట్ కాగితం ఇమ్మనండి. ఇవ్వకపోతే టేపు పట్టుకెళ్లి పైన చెప్పినట్టు కొలుచుకోండి, పది నిమిషాల పని.

హోటల్ వాళ్లు బిల్లులో పాతికవేలు తగ్గించారు. అప్పటికి అన్నయ్య రెండు రాత్రులుగా నిద్రలేకుండా ఉన్నాడు, ఇంకేమీ మాట్లాడకుండా సంతకం పెట్టేశాడు. నేను పక్కనుంటే పెట్టనిచ్చేవాణ్ణి కాదు. మీకు ఇలా జరిగితే సంతకం పెట్టే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి మాట్లాడండి.

వచ్చే సీజన్‌లో రాత్రి ముహూర్తం ఉండి, ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఎఫ్.పి. కాపీ తెప్పించుకుని టైము రాసిన చోట చూడండి. అక్కడ "డిన్నర్" అని మాత్రమే ఉంటే రేపే హోటల్‌కి వెళ్లండి. "శనివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆదివారం ఉదయం ఆరు దాకా" అన్నట్టు రెండు తేదీలూ, రెండు టైములూ రాయించి, మేనేజర్ చేత సంతకం పెట్టించుకుని రండి.