బొబ్బర తీగ ఎండబెట్టడం: నేల మీదా, ముక్కాలి మీదా?

పర్లాకిమిడి వైపు అక్టోబరులో పశుగ్రాసం ఎండబెట్టాలంటే టెన్షనే. పగలు ఎండ కాస్తుంది, రాత్రి మంచు పడుతుంది, మధ్యలో తుఫాను వాన.

గడ్డికి నేలే చాలు. పూత మొదట్లో కోసి పలచగా పరిచి, రోజుకు రెండుసార్లు తిప్పితే సరిపోతుంది. బొబ్బర తీగ అలా కుదరదు. ఆకు తొందరగా ఎండుతుంది, కాడలో నీరు మిగిలే ఉంటుంది. కాడ ఎండేదాకా నేల మీదే తిప్పితే ఆకు పొడై రాలిపోతుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆ ఆకులోనే. తప్పక తిప్పాలంటే మంచు తడి ఆరకముందే, పొద్దున్నే తిప్పాలి.

అందుకే బొబ్బరకు నా ఓటు ముక్కాలికే. ఒక పూట నేల మీద వాడ్చి, మూడు కర్రలు కట్టిన ముక్కాలి మీద వదులుగా వేయాలి. కింద గాలి ఆడాలి. కర్రలూ పనీ ఎక్కువే, కానీ ఆకు నిలుస్తుంది, వాన నీరు జారిపోతుంది.

పచ్చి తీగ 100 కేజీల్లో నీరు సుమారు 80 కేజీలు ఉందనుకుందాం. తేమ 15 శాతానికి దిగితే మిగిలేది దాదాపు 24 కేజీలు. అప్పుడే కుప్ప వేయాలి. తేమ తెలియాలంటే, పొడి సీసాలో గుప్పెడు ముక్కలు, కొంచెం పొడి ఉప్పు వేసి బాగా ఊపండి. ఉప్పు ముద్దకడితే ఇంకా ఆరాలి.

కుప్పను మంచె మీద, కప్పు కింద వేయండి. మొదటి వారాల్లో లోపలికి చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా వెంటనే విప్పి ఆరబెట్టాలి. బూజు పట్టినది పశువుకు వేయకూడదు.