7 రోజుల ఆప్షనా, 63 రోజుల ఆప్షనా: వేగా, థీటా లెక్కలో ఏది మేలు?

ఆప్షన్ ధరలో మార్కెట్ ఊహిస్తున్న ఒడిదుడుకుల స్థాయి, అంటే ఐవీ, పెరుగుతుందనుకున్నప్పుడు దగ్గరి ఎక్స్‌పైరీ కొనాలా, దూరంది కొనాలా? ఈ ప్రశ్న అడిగేవాళ్లలో కొందరు ప్రీమియం తక్కువని దగ్గరిది ఎంచుకుంటారు, మరికొందరు వేగా, అంటే ఐవీ 1 పెరిగితే ఆప్షన్ ధర పెరిగే మొత్తం, ఎక్కువని దూరందాని వైపు మొగ్గుతారు. విడివిడిగా చూస్తే ఆ రెండు అంకెలతోనూ పని జరగదు. రోజు గడిస్తే కరిగే ధరని, అంటే థీటాని, వేగాతో భాగించి చూడాలి.

స్పాట్ 1000, స్ట్రైక్ 1000, ఐవీ 20 అనుకుందాం. వడ్డీని పక్కన పెడదాం. 7 రోజుల కాల్ ధర సుమారు 11.05, వేగా 0.55, రోజుకి థీటా 0.79. 63 రోజుల కాల్ ధర 33.1, వేగా 1.66, థీటా 0.26. గడువు తొమ్మిది రెట్లయితే ధర, వేగా మూడేసి రెట్లయ్యాయి, థీటా మూడో వంతుకి పడింది. గడువు వర్గమూలం చేసే పని ఇదే.

ఇప్పుడు థీటాని వేగాతో భాగించండి. 7 రోజుల ఆప్షన్‌లో ఒక రోజు కరుగుదల పూడాలంటే ఐవీ ఆ ఒక్క రోజులోనే 1.43 పెరగాలి. 63 రోజులదానికి 0.16 చాలు. దీనికి ఆప్షన్ చైన్ కూడా తెరవక్కర్లేదు: ఐవీ ÷ (2 × మిగిలిన రోజులు). 20ని 14తో భాగిస్తే 1.43, 126తో భాగిస్తే 0.16. స్ట్రైక్ మార్చినా, ఐవీ అదే ఉంటే ఈ నిష్పత్తి మారదు. కాబట్టి థీటా తక్కువని స్పాట్‌కి దూరంగా ఉన్న స్ట్రైక్, అంటే ఓటీఎం, కొనేవాళ్లకి ఈ బేరంలో మిగిలేదేమీ లేదు. థీటాతోపాటు వేగా కూడా అంతే తగ్గిపోతుంది.

ఇంతవరకు చూస్తే 63 రోజులదే మేలనిపిస్తుంది. కానీ అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఐవీ 1 పెరిగితే అన్న మాట అన్ని ఎక్స్‌పైరీలకీ ఒకేసారి వర్తించదు. దగ్గరి ఐవీ ఎగిరిపడుతుంది, దూరంది నెమ్మదిగా కదులుతుంది. గడువు తొమ్మిది రెట్లున్నచోట కదలిక మూడో వంతే అని వర్గమూలంతో సరిచూసుకోవడం మామూలు అంచనా. అంటే 7 రోజుల ఐవీ 3 పెరిగిననాడు 63 రోజులది 1 పెరుగుతుంది. రెండింటికీ దక్కేది చెరో 1.66.

తేదీ ముందే తెలిసిన ప్రకటన ఉన్నప్పుడు తేడా ఇంకా పెద్దది. మామూలు ఐవీ 20, ప్రకటన రేపు, అందువల్ల 7 రోజుల ఐవీ 40కి చేరిందనుకోండి. ఆ ఒక్క రోజు అదనపు వేరియన్స్‌ని, అంటే ఐవీ వర్గం లెక్కన వచ్చే అదనాన్ని, 63 రోజులకి పంచితే దూరపు ఐవీ 23.1 దగ్గర ఉంటుంది. ప్రకటన వచ్చింది, స్పాట్ కదల్లేదు, రెండు ఐవీలూ 20కి దిగాయి. 7 రోజుల కాల్ 22.1 నుంచి 10.2కి పడింది, సగానికి పైగా పోయింది. 63 రోజులది 38.3 నుంచి 32.9కి వచ్చింది. వేగా మూడో వంతున్న ఆప్షనే రెండింతలకి పైగా నష్టపోయింది! చైన్‌లో వేగా గడి చిన్నదని భయం లేదనుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

మరి థీటా కోసం అమ్మేవాళ్ల సంగతేమిటి? 0.79 రోజూ ఊరికే రాదు, అది గామాకి, అంటే స్పాట్ గట్టిగా కదిలితే తగిలే నష్టపు రిస్క్‌కి, అద్దె. స్పాట్ ఏ దిశలో కదిలిందన్నది తేడా చేయకుండా డెల్టా హెడ్జ్ చేసి పెట్టుకుంటే, రోజులో స్పాట్ సుమారు 10.5 కదిలితే 7 రోజులదాని థీటా మొత్తం పోతుంది. 63 రోజులదానికీ హద్దు అదే 10.5. ఆ లెక్కలో రెండూ సమానమే. కానీ ఒక్క రోజులో 30 కదిలితే దగ్గరిది అమ్మినవాడికి థీటా పోను దాదాపు 5.7 నష్టం. అది వారం రోజుల అద్దెతో సమానం.

అందుకే ఐవీ నెమ్మదిగా, చాలా రోజులపాటు పెరుగుతుందని నమ్మితే 63 రోజులదే మేలని నా మొగ్గు, ఎదురుచూడ్డానికి రోజుకి కట్టేది తక్కువ కనక. స్పాటే గట్టిగా కదులుతుందనుకుంటే 7 రోజులది కొనండి, కానీ అది వేగా పందెం కాదని తెలిసి కొనండి.

దగ్గరిది అమ్మి దూరంది కొనే క్యాలెండర్ స్ప్రెడ్ గురించి ఒక్క మాట. తెర మీద నికర వేగా +1.1 కనిపిస్తుంది. దగ్గరి ఐవీ 3, దూరపు ఐవీ 1 పెరిగిన రోజున చేతికొచ్చేది సున్నా.