క్రేనియల్ నర్వ్స్, బ్రెయిన్ స్టెమ్: వాక్యం బట్టీ పట్టాలా, బొమ్మ గీయాలా?

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో న్యూరోఅనాటమీ మొదలైన వారానికే హాస్టల్ గదుల్లో ఒకే వాక్యం వినిపిస్తుంది: "ఓ ఓ ఓ టు టచ్ అండ్ ఫీల్ వెరీ గుడ్ వెల్వెట్, ఏ హెచ్." పన్నెండు క్రేనియల్ నర్వ్స్ పేర్ల మొదటి అక్షరాలు అందులో వరసగా ఉంటాయి. నేనూ అలాగే నేర్చుకున్నాను. వైవాలో తొమ్మిదో నర్వ్ పేరు అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి గ్లాసోఫారింజియల్ అని చెప్పాను. "అది మెడుల్లాలో ఎక్కడి నుంచి బయటికి వస్తుంది?" అన్న రెండో ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ వాక్యంలో అసలు చోటు అన్నదే లేదు.

ఆ తర్వాత మూడు పద్ధతులు వాడి చూశాను. ఒకటి ఇలాంటి నిమోనిక్ వాక్యం. రెండోది పుస్తకం మూసి, తెల్లకాగితం మీద అడ్డుకోత బొమ్మ గీయడం. మూడోది నాలుగు సూత్రం. బ్రెయిన్ స్టెమ్‌లో జబ్బు ఎక్కడుందో తేలిగ్గా పట్టుకోవడానికి ఆస్ట్రేలియా న్యూరాలజిస్ట్ పీటర్ గేట్స్ 2005లో రాసిన పద్ధతి అది.

ముందు నిమోనిక్ సంగతి. పేరుకీ అంకెకీ మధ్య కారణం లేనిచోట దాన్ని మించింది లేదు. థాలమస్ దగ్గర రెండు జెనిక్యులేట్ బాడీలు ఉంటాయి. లేటరల్‌ది లైట్, మీడియల్‌ది మ్యూజిక్. ఒక్కసారి విన్నాక చూపు ఏది, వినికిడి ఏది అన్న తికమక మళ్లీ రాదు. కంటి కండరాలకు LR6(SO4)3 కూడా అంతే. లేటరల్ రెక్టస్‌కు ఆరో నర్వ్, సుపీరియర్ ఆబ్లిక్‌కు నాలుగు, మిగతా వాటికి మూడు. ఈ రెండూ ఎందుకు నిలుస్తాయంటే, గుర్తుండాల్సిన జవాబు ఆ మాటలోనే ఉంది. "ఓ ఓ ఓ" అలా కాదు. మొదటి మూడూ ఒకే అక్షరం, ఆ తర్వాత రెండు 'టి'లు. వాటిలో ఏది ముందో వాక్యం చెప్పదు, మళ్లీ విడిగా గుర్తుపెట్టుకోవాలి.

ఏది సెన్సరీ, ఏది మోటార్ అన్నదానికి ఇంకో ఇంగ్లిష్ వాక్యం చెబుతారు. దానికంటే మన మాటల్లో గుంపులుగా పెట్టుకోవడమే తేలిక అని నా అనుభవం: ఒకటి, రెండు, ఎనిమిది కబురు తెచ్చేవి, ఐదు, ఏడు, తొమ్మిది, పది రెండు పనులూ చేసేవి, మిగతా ఐదూ కండరాన్ని కదిలించేవి. ఇలా పెట్టుకుంటే పదో నర్వ్ గురించి అడిగినప్పుడు ఒకటి నుంచి ఎక్కిరావక్కర్లేదు.

ఇక బొమ్మ. మెడుల్లాను ఆలివ్ మధ్య దగ్గర అడ్డంగా కోసినట్టు గీయండి. ముందువైపు నడిమిగీతకు రెండు పక్కలా పిరమిడ్లు. వాటి వెనక నిలబెట్టిన రిబ్బన్లలా మీడియల్ లెమ్నిస్కస్. ఇంకా వెనక ఎమ్‌ఎల్‌ఎఫ్ అనే చిన్న కట్ట. అన్నిటికన్నా వెనక, నాలుగో వెంట్రికల్ నేల కింద, పన్నెండో నర్వ్ న్యూక్లియస్. ఇదంతా మధ్యవరస. ఇప్పుడు పక్కకి రండి. పిరమిడ్ పక్కన నలిగిన సంచిలా ఆలివ్. వెనక మూలన ఇన్ఫీరియర్ సెరెబెల్లార్ పెడంకిల్. దాన్ని ఆనుకుని లోపలివైపు ఐదో నర్వ్ స్పైనల్ న్యూక్లియస్. దానికీ ఆలివ్‌కీ మధ్య స్పైనోథాలమిక్ దారి. ఆలివ్ వెనక లోతుగా న్యూక్లియస్ యాంబిగ్యువస్. చివరగా రెండు గీతలు: పన్నెండో నర్వ్ పిరమిడ్‌కీ ఆలివ్‌కీ మధ్య నుంచి బయటికి వస్తుంది, తొమ్మిది, పది ఆలివ్ వెనక నుంచి వస్తాయి. వైవాలో నాకు దొరకని జవాబు ఇదే.

బొమ్మలో కారణం కూడా కనిపిస్తుంది. వెన్నుపాములో సెన్సరీ భాగం వెనక, మోటార్ భాగం ముందు ఉంటాయి. మెడుల్లాలో నాలుగో వెంట్రికల్ తెరుచుకునేచోట ఆ గొట్టం నడుమ తెరిచిన పుస్తకంలా పక్కలకు విచ్చుకుంటుంది. అందుకే వెనకున్న సెన్సరీ న్యూక్లియస్‌లు పక్కలకు పోయాయి, మోటార్‌వి మధ్యలో మిగిలాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం బట్టీ తప్పుతుంది.

బొమ్మకు ఖర్చయ్యేది సమయం. నాకు మొదటిసారి పావుగంట పైనే పట్టింది. అందులోనూ పుస్తకం పక్కన పెట్టుకుని చూసి గీస్తే అది డ్రాయింగే అవుతుంది, గుర్తుండదు. మూసి గీయాలి, తర్వాత ఎర్రపెన్నుతో దిద్దాలి, మర్నాడు మళ్లీ మూసి గీయాలి. దిద్దినవి ఒకేచోట పదే పదే వస్తుంటే మీకు రానిది ఆ భాగమే.

నాలుగు సూత్రం ఈ బొమ్మనే మాటల్లో కుదిస్తుంది. మధ్యలో ఎమ్‌తో మొదలయ్యేవి నాలుగు: మోటార్ దారి, మీడియల్ లెమ్నిస్కస్, ఎమ్‌ఎల్‌ఎఫ్, మోటార్ న్యూక్లియస్. పక్కన ఎస్‌తో మొదలయ్యేవి నాలుగు: స్పైనోసెరెబెల్లార్, స్పైనోథాలమిక్, ఐదో నర్వ్ సెన్సరీ న్యూక్లియస్, సింపథెటిక్. మెడుల్లాలో చివరి నాలుగు నర్వ్స్, పాన్స్‌లో నడిమి నాలుగు, ఆ పైన మొదటి నాలుగు. మధ్యలో ఉండే మోటార్ న్యూక్లియస్‌లు 3, 4, 6, 12. ఒకటీ రెండూ వదిలేస్తే, పన్నెండును శేషం లేకుండా భాగించే అంకెలు ఇవే.

ఒక కేసు మీద చూద్దాం. ఒకాయనకు ఉన్నట్టుండి కళ్లు తిరిగాయి, గొంతు బొంగురుపోయింది, మింగుడు పడటం లేదు. కుడి కనురెప్ప కొంచెం వాలింది, ఆ కంటిపాప చిన్నదైంది. కుడి ముఖానికీ, ఎడమవైపు ఒంటికీ సూది గుచ్చినా నొప్పి తెలియదు. కుడిచేయి తడబడుతోంది గానీ బలం తగ్గలేదు. వాక్యం ఇక్కడ ఒక్క అడుగు కూడా వేయించదు. సూత్రం ప్రకారం బలం ఉంది కాబట్టి మోటార్ దారి బాగుంది, అంటే మధ్యభాగం కాదు. నాలుగు ఎస్‌లూ దెబ్బతిన్నాయి: తడబాటు, ఒంటి నొప్పి, ముఖం నొప్పి, కనురెప్ప. కాబట్టి పక్కభాగం. మింగుడు, గొంతు తొమ్మిది, పది నర్వ్స్‌వి. కాబట్టి మెడుల్లా. ముఖం, కన్ను, చేయి కుడివైపే కాబట్టి కుడి లేటరల్ మెడుల్లా. ఒంటి నొప్పి ఒక్కటే ఎడమవైపు ఎందుకు? స్పైనోథాలమిక్ దారి వెన్నుపాములోనే అవతలి వైపుకి దాటి పైకి వచ్చింది. వాలెన్‌బర్గ్ సిండ్రోమ్ అంటే ఇదే.

ఈ సూత్రం తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి. దాని లెక్కలో పదకొండో నర్వ్ మెడుల్లాది, కానీ మెడ కండరాలను కదిలించే దాని కణాలు వెన్నుపాము పైభాగంలో ఉన్నాయి. ఏడోది పక్కన ఉండేదంటుంది. కానీ పాన్స్ కింది భాగంలో ఏడో నర్వ్ తీగలు ఆరో న్యూక్లియస్‌ను చుట్టి వస్తాయి. అక్కడ మధ్యలోనే చిన్న దెబ్బ తగిలితే రెండు కళ్లూ ఆ పక్కకు తిరగవు, ఆ పక్క ముఖమూ పడిపోతుంది. సూత్రం మాత్రమే తెలిసినవాళ్లు దీన్ని రెండుచోట్ల జబ్బు అనుకుంటారు. పాన్స్ బొమ్మ గీసినవాళ్లకు ఆ మలుపు కళ్ల ముందుంటుంది.

కాబట్టి నా ఓటు బొమ్మకే, అదీ ముందుగా. మెడుల్లా ఒకటి, పాన్స్ ఒకటి, మిడ్ బ్రెయిన్ ఒకటి, మూడు కోతలు చూడకుండా వచ్చాక నాలుగు సూత్రం పట్టుకోండి. అప్పుడు ఒక్కో ఎస్ వెనక ఒక చోటు ఉంటుంది. వరుస మార్చి సూత్రంతో మొదలుపెట్టినవాళ్లు కేసులు త్వరగానే చేస్తారు, స్పాటర్‌లో స్లైడు ముందు ఆగిపోతారు. పరీక్షకు వారమే ఉంటే మాత్రం సూత్రం, మెడుల్లా బొమ్మ ఒక్కటి, LR6(SO4)3 చాలు. "ఓ ఓ ఓ" మొదటి వారం వాడుకోండి. "పదోది ఏది?" అనగానే లెక్కపెట్టకుండా వేగస్ అని వచ్చిన రోజు దాన్ని వదిలేయొచ్చు.