నాలుగేళ్ల సింగిల్ సైన్ ఆన్: నా గొడవంతా ఈమెయిల్‌తోనే

ఒక్క లాగిన్‌తో ఆఫీసు యాప్‌లన్నీ తెరిచే సింగిల్ సైన్ ఆన్ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా సెటప్‌లో ఉండే ఒక్క గడి మీద. యూజర్‌ని దేంతో గుర్తుపట్టాలి అని అడుగుతుందే, అందరం ఆలోచించకుండా ఈమెయిల్ అని పెట్టేస్తామే, ఆ గడి. నాలుగేళ్ల కిందట నేనూ అదే పెట్టాను.

మాది బెంగళూరులో బెళ్లందూరు వైపు, మూడు వందల మంది ఉన్న ఆఫీసు. క్యాబ్ బిల్లులు, మెడికల్ బిల్లులు పెట్టుకోవడానికి మేమే రాసుకున్న క్లెయిమ్స్ యాప్ ఒకటుంది. దానికి సింగిల్ సైన్ ఆన్ కోసం వెబ్‌లో సామెల్, ఫోన్‌లో ఓఆత్ అనే ప్రమాణాలు కలిపింది నేనే. మొదటి ఏడాది అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పొగిడాను: మనిషి ఉద్యోగం మానేస్తే, అందరి లాగిన్‌లూ చూసుకునే ఐడీపీ అనే సర్వీసులో ఒక్కచోట ఆపితే చాలు, అన్ని తలుపులూ మూసుకుంటాయని. ఇప్పుడా మాట అంత గట్టిగా అనను.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం, చేరి రెండు రోజులైన కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చాడు. "అక్కా, ఇందులో ఉన్న బిల్లులు నావి కావు. మా నాన్నకి గుంటూరులో ఆపరేషన్ కాలేదు," అన్నాడు. చూస్తే మూడేళ్ల క్లెయిములు, ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం, బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ తెరిచి ఉన్నాయి. అవి ఏడాది కిందట మానేసిన శ్రీనివాస్‌వి. ఈ కుర్రాడూ శ్రీనివాసే, ఇంటిపేరూ కె తోనే మొదలు. తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న ఆఫీసులో ఇది జరక్కుండా ఎన్నాళ్లుంటుంది? పాతాయన మెయిల్‌బాక్స్ తీసేశాక ఆ అడ్రస్ ఖాళీ అయింది. కొత్తాయనకి అదే ఇచ్చారు.

వెంటనే బ్రౌజర్‌లో, లాగిన్ సందేశాలు విప్పి చూపించే SAML-tracer పెట్టి, కుర్రాడితో మళ్లీ లాగిన్ చేయించాను. వచ్చింది ఎవరో చెబుతూ ఐడీపీ పంపిన సందేశం, అంటే అసర్షన్‌లో, అసలు సంగతి ఈ ఒక్క లైనే:

```xml
<saml:NameID Format="urn:oasis:names:tc:SAML:1.1:nameid-format:emailAddress">srinivas.k@example.com</saml:NameID>
```

సంతకం సరిపోయింది. `Audience` మా యాప్‌దే. `NotOnOrAfter` గడువూ దాటలేదు. అంటే ఏదీ చెడిపోలేదు, అందుకే లాగ్‌లో ఒక్క ఎర్ర గీత కూడా లేదు. "వచ్చినవాడు srinivas.k" అని ఐడీపీ సంతకం పెట్టి చెప్పింది, అది నిజమే. ఆ అడ్రస్ ఎవరిదో వాళ్లకే ఎప్పటికీ ఉంటుందనుకోవడం మా యాప్ తప్పు. ఆ కుర్రాడు నోరు విప్పకపోయి ఉంటే మాకు తెలిసేదే కాదు.

పాత ఖాతా యాప్‌లో ఇంకా బతికే ఎందుకుంది అంటే, కారణం నేను పొగిడిన ఆ గుణమే. ఐడీపీలో ఆపేశాం కాబట్టి ఆయన లోపలికి రాలేడు, ఇక యాప్‌లో ఖాతా మూయడం ఎందుకులే అని ఎవరూ పట్టించుకోలేదు. తవ్వితే ఇంకోటి బయటపడింది. ఫోన్ యాప్ ఒకసారి లాగిన్ అయితే తొంభై రోజులు తన సొంత సెషన్‌తో నడుస్తుంది, మధ్యలో ఐడీపీని మళ్లీ అడగదు. అంటే మానేసినవాళ్ల ఫోన్లలో కొన్నాళ్లు అది హాయిగా పనిచేసిందన్నమాట.

ఫోన్ వైపు చూసినప్పుడే నేను ఓఆత్‌ని ఎంత తప్పుగా అర్థం చేసుకున్నానో తెలిసింది. సామెల్ పని సూటిగా ఉంటుంది: ఫలానా మనిషి వచ్చాడని సంతకం చేసిన ఉత్తరం, ఫలానా యాప్‌కే రాసింది, కొద్ది నిమిషాల గడువుతో. ఓఆత్ పని అది కాదు. మనం ఊరెళ్తూ తులసికి నీళ్లు పోయమని పక్కింటావిడకి తాళంచెవి ఇస్తాం. చెవి చేతిలో ఉంది కాబట్టి ఆవిడే ఇంటి యజమానురాలు అనుకుంటే ఎలా? ఓఆత్ ఇచ్చే యాక్సెస్ టోకెన్ ఆ తాళంచెవి. మనిషి ఎవరో చెప్పడానికి ఓఆత్ మీద ఓపెన్ఐడీ కనెక్ట్ అనే పొర ఉంది, అది ఇచ్చే ఐడీ టోకెన్ ఉంది. నేనేమో ఫోన్ పంపిన యాక్సెస్ టోకెన్ పట్టుకుని ఐడీపీని అడిగి, వచ్చిన ఈమెయిల్‌తో లోపలికి పంపించేశాను. అదే ఐడీపీ ఇంకో యాప్ కోసం ఇచ్చిన టోకెన్ తెచ్చి చూపించినా నా సర్వర్ నమ్మేది. ఇప్పుడు ఐడీ టోకెన్ తీసుకుని సంతకం, ఎవరిచ్చారో చెప్పే `iss`, ఎవరి కోసమో చెప్పే `aud`, గడువు చెప్పే `exp` చూస్తున్నాం. `aud`లో మా యాప్ ఐడీ లేకపోతే తిప్పి పంపడమే.

గుర్తింపుకి ఓపెన్ఐడీ కనెక్ట్‌లో ఒక్కో మనిషికి ఐడీపీ ఇచ్చే `sub` ఉంది. ఒక ఐడీపీలో ఒకరికిచ్చిన `sub` ఇంకొకరికి ఎప్పటికీ ఇవ్వకూడదని ప్రమాణంలోనే రాసి ఉంది, ఈమెయిల్‌కి ఆ హామీ లేదనీ ఉంది. సామెల్‌లో దానికి సాటి `persistent` రకం NameID. మా టేబుల్‌లో ఈమెయిల్ మీదున్న యూనిక్ నిబంధన తీసేసి ఇది పెట్టాం:

```sql
UNIQUE (issuer, subject)
```

ఈమెయిల్ ఉత్తరాలు పంపడానికి మాత్రమే మిగిలింది. ఇక్కడ ఏ ఐడీపీయో చెప్పే `issuer` కూడా తప్పనిసరి. రెండు ఐడీపీలు ఉంటే ఒకే `subject` రెండు చోట్లా వేర్వేరు మనుషులకి ఉండొచ్చు. 2023లో nOAuth పేరుతో బయటపడిన లోపం మూలం కూడా ఈమెయిల్‌ని నమ్మడమే: దాడి చేసేవాడు తన సొంత మైక్రోసాఫ్ట్ టెనెంట్‌లో, అంటే తన చేతిలో ఉన్న సంస్థ డైరెక్టరీలో, తన ఖాతాకి ఎదుటివాళ్ల ఈమెయిల్ రాసుకుని, ఈమెయిల్‌ని బట్టి మనిషిని గుర్తుపట్టే యాప్‌లలోకి వాళ్లలా దూరిపోగలిగేవాడు.

పాత ఖాతాల్ని కొత్త పద్ధతికి మార్చేటప్పుడు మళ్లీ కాలు జారబోయాను. మొదటి లాగిన్‌లో ఈమెయిల్ కలిస్తే `subject` రాసేసుకుందాం అన్నాను. అలా చేస్తే కుర్రాడికి పాతాయన బిల్లులు ఈసారి శాశ్వతంగా అతుక్కునేవి! చివరికి హెచ్‌ఆర్ ఇచ్చిన ఉద్యోగి నంబర్లూ చేరిన తేదీలూ పెట్టుకుని ముందే జతలు కలిపాం. హెచ్‌ఆర్ జాబితాలో లేనివాళ్ల ఖాతాలు మూసేశాం. రెండు శనివారాలు పోయాయి, అందులో ఎక్కువ భాగం పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకి ఉన్న రెండేసి ఖాతాలు కలపడానికే.

అయితే `persistent` కూడా నేను అప్పుడు మురిసిపోయినంత గొప్పదేమీ కాదు. ఈ ఏడాది మొదట్లో మేము ఐడీపీ మార్చాం. కొత్తది అందరికీ కొత్త `subject`లు ఇచ్చింది, సోమవారం ఉదయం అందరూ ఖాళీ క్లెయిమ్స్ పేజీతో నా సీటు చుట్టూ చేరారు. ఉద్యోగి నంబరుని ఒక అట్రిబ్యూట్‌గా తెప్పించుకుని ఉంటే ఆ రోజు కాఫీ చల్లారేది కాదు. మా హెచ్‌ఆర్ నంబర్లని ఎవరికీ మళ్లీ ఇవ్వదు కాబట్టి ఇది నాకు నప్పుతుంది. మీ దగ్గర అలా కాకపోతే నప్పదు.

రేటింగ్ అడిగితే ఐదుకి మూడున్నర. ఇరవై మంది ఉన్న ఆఫీసుకి, యాప్ కొత్తగా రాస్తున్నవాళ్లకి ఓపెన్ఐడీ కనెక్ట్ ఒక్కటే చాలనిపిస్తుంది. పాత సాఫ్ట్‌వేర్‌లు అడుగుతాయి కాబట్టి నేను సామెల్ ఉంచాను. పాత శ్రీనివాస్ గారికి హెచ్‌ఆర్‌తో పాటు నేనూ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ ఆసుపత్రి కాగితం కాపీ తన దగ్గర లేదట, పంపగలరా అని అడిగారు.