వైశాల్యం లెక్క చూసి గిఫ్ట్ పేపర్ కొనకండి

గిఫ్ట్ ర్యాపింగ్ పేపర్ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నా బాక్స్ 40 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు. అమ్మకందారు పేజీలో ఈ మూడు కొలతలూ కొడితే ఎంత పేపర్ కావాలో చెప్పే లెక్క ఉంది. బాక్స్ ఆరు ముఖాలూ కలిపి 5,200 చ.సెం.మీ., మా షీట్ 70 × 100, అంటే 7,000, కాబట్టి ఒక షీట్ చాలు అని చూపించింది. నమ్మి ఒకటే తెప్పించాను. ఫంక్షన్‌కి బయల్దేరే ముందు చుట్టబోతే రెండు అంచులూ బాక్స్ అడుగున ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు, టేప్ వేయడానికి చోటు లేదు. అప్పటి టెన్షన్ ఇంకెవరికీ వద్దు. ఫిర్యాదు చేస్తే సీల్ విప్పారు కాబట్టి తిరిగి తీసుకోం అన్నారు.

తప్పంతా ఆ లెక్కలోనే ఉంది. పేపర్ ముక్కలుగా అతికించం కదా, ఒకే దీర్ఘచతురస్రంగా చుడతాం. అందుకే వైశాల్యం కాదు, షీట్ రెండు వైపులూ విడివిడిగా సరిపోవాలి.

ఒక వైపు బాక్స్ చుట్టూ తిరుగుతుంది. వెడల్పు, ఎత్తు కలిపి రెట్టింపు చేస్తే 100. అతుకు దగ్గర అంచు మీద అంచు ఎక్కడానికి ఇంకో 3 కలిపితే 103 కావాలి. నా షీట్ సరిగ్గా 100 దగ్గర ఆగింది. రెండో వైపు బాక్స్ పొడవుతో పాటు రెండు చివర్లూ మూయాలి. పై మడత, కింది మడత చివరి ముఖం మధ్యలో కలవాలి కాబట్టి ఒక్కోటి ఎత్తులో సగం, అంటే 10, పైగా ఎక్కడానికి 1. మొత్తం 40 + 11 + 11 = 62. ఇక్కడ నా షీట్‌లో 8 సెం.మీ. మిగిలింది, కానీ ఆ మిగులు అటు వైపు కొరతని తీర్చదు. బాక్స్‌ని తిప్పి పెట్టినా లాభం లేదు, చుట్టుకొలత 120 లేదా 140 అవుతుంది.

కొనే ముందు మూత పెట్టిన బాక్స్ చుట్టూ ఒక దారం తిప్పి కొలవండి. మూత అంచు కొంచెం బయటికి ఉంటే స్కేలు కొలతలో అది పట్టుబడదు. ఆ దారం పొడవుకి 3 కలిపి, షీట్ పొడవుతో పోల్చండి.

రోల్ అయితే ముందు దాని వెడల్పు చూడాలి. 50 సెం.మీ. వెడల్పు రోల్ ఎన్ని మీటర్లున్నా ఈ బాక్స్‌ని ఒకే ముక్కతో మూయలేదు. ఎటు తిప్పినా అడ్డంగా కనీసం 52 కావాలి.

ఇప్పటికే కొనేసి నాలా ఇరుక్కుంటే, మిగిలిన 8 సెం.మీ. పట్టీని 62 పొడవుకి కత్తిరించి, లోపలి నుంచి రెండు అంచుల కిందా వచ్చేలా పెట్టి రెండు వైపుల టేప్‌తో అతికించండి. నేను అలాగే చేశాను. గీతల డిజైన్ అయితే ఆ అతుకు కనబడుతుంది, కాబట్టి దాన్ని బాక్స్ అడుగు వైపుకే ఉంచండి.