వానల ముందు కారు చెకప్ క్యాంపు: 499లో ఏమొస్తుంది, ఏం రాదు

విశాఖలో ఒక సర్వీస్ సెంటర్ ఏటా పెట్టే ఈ క్యాంపుకు 2018 మోడల్ పెట్రోల్ కారును వరుసగా నాలుగేళ్లు ఇచ్చి చూశాక రాస్తున్న సమీక్ష ఇది. ఈసారి ప్రకటన: "40 అంశాల తనిఖీ, టాప్ వాష్, వైపర్ ట్యాంకు నింపడం. 499 రూపాయలు, జీఎస్టీ అదనం. మే 20 నుంచి జూన్ 10 వరకు. ముందుగా బుకింగ్ తప్పనిసరి." పన్నుతో కలిపి 589 అవుతుంది. ఆ ధరకు నష్టం లేదు. కాకపోతే అందులో అసలు మాట "తనిఖీ". చూసి చెప్పడం వరకే ఆ డబ్బు. వైపర్ బ్లేడ్లు మార్చినా, బ్రేక్ ప్యాడ్లు వేసినా బిల్లు వేరు.

నలభైలో ముప్పై దాకా పైపైన చూసి టిక్కు పెట్టేవే. రెండింటి దగ్గర మాత్రం పక్కనే నిలబడి చేయించుకోవాలి.

మొదటిది, ముందు అద్దం కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ. చెట్టు కింద పెట్టే కారైతే వేపాకులు దాని కిందకు చేరి, నీళ్లు పోయే దారిని మూసేస్తాయి. అప్పుడు వాన నీరు బ్లోవర్‌లోకి దిగి, ఎడమ సీటు ముందున్న మ్యాట్ తడుస్తుంది, ఏసీ వేస్తే ముక్కవాసన వస్తుంది. ఈ పని జాబితాలో లేదు, అడిగితే చేశారు. బానెట్ ఎత్తి అద్దం మూలన ఒక లీటరు నీళ్లు నెమ్మదిగా పోయించండి. ముందు చక్రం వెనకనుంచి వెంటనే కారిపోవాలి. నిలబడితే ఆకులు చేత్తో తీయించండి. గట్టిగా గాలి కొట్టనివ్వొద్దు, కొన్ని కార్లలో లోపలి రబ్బరు గొట్టం ఊడుతుంది. ఏసీ వేసినప్పుడే మ్యాట్ తడుస్తుంటే మాత్రం తప్పు జాలీది కాదు, ఏసీ నీటి గొట్టానిది.

రెండోది బ్రేక్ ఆయిల్. మట్టం తగ్గిందని పైనుంచి కాస్త పోసి సరిపెడతారు. అలా పోయనివ్వకండి. ప్యాడ్లు అరిగితేనో, ఎక్కడో లీకుంటేనో మట్టం తగ్గుతుంది. పోసేస్తే ఆ సంగతి కప్పబడిపోతుంది. ముందు చక్రం విప్పించి ప్యాడ్ మందం చూడండి, 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే. ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ బాగా పట్టాక ఆ మరిగే వేడి 155 దాకా పడిపోవచ్చు. సింహాచలం ఘాట్ దిగుతూ బ్రేక్ మీదే కాలు ఉంచితే ఆ వేడికి ఆయిల్ మరిగి, బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా లోపలికి పోయేది అందుకే. పెన్నులాంటి టెస్టర్ ముంచి చూసి, తేమ 3 శాతం దాటిందంటే మొత్తం మార్పించండి. రెండేళ్లు దాటితే టెస్టర్ ఏం చెప్పినా మార్చడమే మేలు.

బుకింగ్ మే నెలలోనే, ఉదయం మొదటి స్లాట్‌లో చేయండి. జూన్ మొదటి వారంలో రద్దీకి చక్రాలు విప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఏదైనా పార్టు తెప్పించాల్సి వస్తే రెండు మూడు రోజులు పడుతుంది, ఆలోపు వానలు మొదలవుతాయి.