నాలుగేళ్లుగా వాడుతున్న ఆ ప్లస్ ఆర్ మైనస్ గడి

మా స్పెక్ట్రోఫోటోమీటర్ ఇచ్చే ప్రింటవుట్ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆరు స్టాండర్డ్లు పెట్టి గీత గీయిస్తే కింద R² = 0.9996 అని గొప్పగా వేస్తుంది. శాంపిల్ పెడితే 0.98 అని వేస్తుంది. అక్కడితో దాని పని అయిపోయింది. ఆ 0.98 అటూ ఇటూ ఎంత ఊగుతుందో ఒక్క ముక్క చెప్పదు. ఆ కోపంతోనే నాలుగేళ్ల కిందట స్ప్రెడ్‌షీట్‌లో నేనే ఒక గడి కట్టుకున్నాను. జవాబు పక్కన ± ఎంతో చెప్పే గడి. ఈ సమీక్ష దాని గురించే. బీర్–లాంబర్ట్ నియమం, కర్వ్ గీయడం అందరికీ వచ్చినవే కాబట్టి వాటి జోలికి పోను.

మాది గుంటూరులో చిన్న నీటి పరీక్షల ల్యాబ్. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది బోరు నీళ్లు. ఇనుముకి ఫినాంత్రోలిన్ పద్ధతి వాడతాం: 50 మి.లీ. శాంపిల్‌ని ఆమ్లం, హైడ్రాక్సిలమైన్ వేసి మరిగించి, చల్లారాక బఫరూ ఫినాంత్రోలినూ కలిపి మళ్లీ 50కి నింపుతాం. వచ్చిన నారింజ రంగుని 510 నానోమీటర్ల దగ్గర చదువుతాం.

ఆ గడి ఎందుకు పుట్టిందంటే ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి వల్ల. బ్యాంకులో చేసి రిటైరయిన మనిషి. బకెట్లకి ఎర్రమరకలు పడుతున్నాయని బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చారు. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500లో ఇనుముకి పరిమితి ఇప్పుడు లీటరుకి 1.0 మి.గ్రా. (2015 సవరణకి ముందు 0.3 ఉండేది). మెషీన్ 0.98 అంది. నేనూ అదే చెప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఒకటికి రెండు పైసలు తక్కువ. అంటే ఒకటి లోపలున్నట్టా, బయటున్నట్టా? అదొక్కటి చెప్పమ్మా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు స్టాండర్డ్లు 0, 0.4, 0.8, 1.2, 1.6, 2.0 మి.గ్రా. డిస్టిల్డ్ వాటర్‌తో మెషీన్ సున్నా చేసి చదివితే అబ్సార్బెన్సులు వరసగా 0.003, 0.081, 0.165, 0.237, 0.322, 0.395 వచ్చాయి. గీత స్లోప్ 0.1968, ఇంటర్‌సెప్ట్ 0.0037. శాంపిల్ 0.196 చదివింది. అందులోంచి 0.0037 తీసేసి స్లోప్‌తో భాగిస్తే 0.977. మెషీన్ చెప్పిన 0.98 ఇదే, లెక్క తప్పేమీ లేదు.

R² ఎక్కడ మోసం చేస్తుందంటే, 0.9996లో అన్ని తొమ్మిదులు చూసి జవాబు కూడా అంత కచ్చితం అనుకుంటాం. నేను మనసులో ± 0.01 అనుకునేదాన్ని. చూడాల్సింది గీతకీ చుక్కలకీ మధ్య మిగిలిన ఎడం. ఆ ఆరు చుక్కలు గీతకి సగటున 0.0033 అబ్సార్బెన్స్ మేర అటూ ఇటూ ఉన్నాయి. స్ప్రెడ్‌షీట్‌లో STEYX ఇచ్చేది దీన్నే. దాన్ని స్లోప్‌తో భాగిస్తే 0.0166 మి.గ్రా. అవుతుంది. ఇది అసలు ఊగులాట. మిగతాదంతా దీన్ని పెంచడమో తగ్గించడమో.

స్టాండర్డ్ల గాఢతలు A2 నుంచి A7 దాకా, అబ్సార్బెన్సులు B2 నుంచి B7 దాకా, శాంపిల్ సగటు రీడింగ్ B9లో, ఎన్ని ఫ్లాస్కుల సగటో B10లో పెడితే D2, D3, D4 గడుల్లో వరసగా ఇవి ఉంటాయి:

```
=(B9-INTERCEPT(B2:B7,A2:A7))/SLOPE(B2:B7,A2:A7)
=STEYX(B2:B7,A2:A7)/SLOPE(B2:B7,A2:A7)*SQRT(1/B10+1/6+(B9-AVERAGE(B2:B7))^2/(SLOPE(B2:B7,A2:A7)^2*DEVSQ(A2:A7)))
=T.INV.2T(0.05,4)*D3
```

వర్గమూలం లోపల మూడు ముక్కలున్నాయి. మొదటిది శాంపిల్‌ని ఎన్నిసార్లు చేశామన్నది, రెండోది గీతకి ఎన్ని చుక్కలన్నది, మూడోది శాంపిల్ గీత మధ్యకి ఎంత దూరంలో ఉందన్నది. ఒక్క ఫ్లాస్కు చేశాం కాబట్టి మొదటి ముక్క 1. రెండోది ఆరో వంతు. మా శాంపిల్ గీత నడుమనే ఉంది కాబట్టి మూడోది దాదాపు సున్నా. వర్గమూలం 1.08 వచ్చింది. దాన్ని 0.0166తో, 2.776తో గుణిస్తే 0.05. అంటే 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది 0.93కీ 1.03కీ మధ్య అని మాత్రమే. సెక్రటరీ గారి ప్రశ్నకి నిజమైన జవాబు "ఈ ఒక్క రీడింగుతో చెప్పలేనండీ".

ఈ గడిలో నాకు బాగా నచ్చింది ఆ మొదటి ముక్కే. తేడా ఎక్కువగా వస్తున్నది గీత వల్ల కాదని, శాంపిల్‌ని ఒక్కసారే చేయడం వల్లనని అది మొహం మీద చెప్పేసింది. అంతకుముందు అనుమానం వస్తే ఇంకో రెండు స్టాండర్డ్లు కలిపేదాన్ని. అది దండగ శ్రమ. ఆరు చుక్కల్ని ఎనిమిది చేస్తే ఆరో వంతు ఎనిమిదో వంతవుతుంది. పక్కన 1 అలాగే కూర్చుని ఉంటుంది. అదే శాంపిల్ నాలుగు ఫ్లాస్కుల్లో చేస్తే ఆ 1 కాస్తా పావు అయిపోతుంది.

వెంటనే నాలుగు ఫ్లాస్కులు పెట్టానని రాయాలని ఉంది కానీ, మొదట నేను చేసింది అది కాదు. ఉన్న కువెట్‌నే మళ్లీ మళ్లీ నాలుగుసార్లు చదివి B10లో 4 కొట్టాను. 0.196, 0.196, 0.197, 0.196. ± టక్కున 0.03కి దిగింది. మా సీనియర్ పక్కనుంచి చూసి, "ఒకే ఫొటో నాలుగు కాపీలు తీస్తే నలుగురు మనుషులవుతారా?" అన్నారు. మరిగించడంలో, పిపెట్‌లో, నింపడంలో వచ్చే తేడాలు ఒక్కసారి కూడా తిరిగి జరగలేదు కదా, ఆ నాలుగూ ఒకటి కిందే లెక్క. మర్నాడు సీసాలోంచి విడివిడిగా నాలుగు 50 మి.లీ.లు తీసి, మొదటి నుంచీ చేసి, అదే కర్వ్ మీద చదివాను (0.8 స్టాండర్డ్ మళ్లీ చదివి గీత జరగలేదని చూసుకున్నాకే). 0.196, 0.192, 0.195, 0.193 వచ్చాయి. సగటు 0.194, గాఢత 0.967. ఇప్పుడు ± 0.030. పై అంచు 0.997. ఒకటి లోపలే, వెంట్రుకవాసిలో. సంబరంగా రిపోర్టులో "0.97 ± 0.03 మి.గ్రా./లీ., 95%, నాలుగు పరీక్షల సగటు" అని రాసి ఇచ్చాను.

వారం తిరక్కుండా సెక్రటరీ గారు మళ్లీ వచ్చారు. చేతిలో విజయవాడ నుంచి ఇంకో ల్యాబ్ రిపోర్టు. అందులో 1.2 పైచిలుకు ఉంది. మాట తూలలేదు కానీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "మీది 95 శాతం అన్నారు కదమ్మా" అన్నారు. ఆ టెన్షన్‌లో ఫార్ములా అంతా తిరగేశాను, స్టాక్ ద్రావణం తేదీ చూశాను, కొత్త స్టాండర్డ్లు చేశాను. గీత చెక్కుచెదరలేదు. చివరికి షెల్ఫ్‌లో ఇంకా పారేయని ఆయన పాత సీసా తీసి వెలుతురుకి పట్టి చూస్తే, అడుగున గోధుమరంగు వలయం. వేలితో రుద్దితే అంటుకుంది.

బోరులోంచి వచ్చేటప్పుడు ఇనుము కరిగి ఉంటుంది. గాలి తగిలితే మెల్లగా తుప్పులా మారి అడుగుకి చేరుతుంది. అలా చేరకుండా సీసాలో పట్టేటప్పుడే నైట్రిక్ ఆమ్లం వేయాలి. ఆయన తెచ్చింది కూల్‌డ్రింక్ సీసాలో, రాత్రంతా ఇంట్లో ఉంచి. నేను పైనున్న తేటలోంచి నాలుగుసార్లు పిపెట్ చేశాను. నాలుగూ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి, కలవక ఏం చేస్తాయి? ఆమ్లం వేసిన సీసా నేనే పంపించి, పట్టించి, ఆ రోజు కర్వ్ మీద మళ్లీ నాలుగు ఫ్లాస్కులు చేస్తే 1.25 ± 0.03 వచ్చింది. కొత్త రిపోర్టుకి డబ్బులు తీసుకోలేదు.

కాబట్టి పైన పొగిడినదాన్ని కాస్త తగ్గించుకోవాలి. ఆ ± కువెట్‌లో ఉన్న నీళ్ల గురించి నిజమే చెప్పింది. సీసా గురించి దానికి తెలియదు. స్టాక్ ద్రావణం తప్పుగా తూచినా తెలియదు: స్టాండర్డ్లన్నీ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి, చుక్కలు గీత మీదే ఉంటాయి, ± ఎప్పటిలాగే ముద్దుగా చిన్నదిగా ఉంటుంది. ఇప్పుడు మా షీట్‌లో ఆ గడి పక్కన ఇంకో గడి పెట్టాను, "సీసాలో యాసిడ్ వేశారా" అని. అది నింపకుండా రిపోర్టు ప్రింట్ కానివ్వను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఒక ఏడాదంతా 2.776 బదులు 1.96 వాడాను, ఎక్కడో చదివిన అంకె గుర్తుండి. ఆరు చుక్కల్లోంచి స్లోప్‌కొకటి, ఇంటర్‌సెప్ట్‌కొకటి పోతే మిగిలేది నాలుగే. నాలుగుకి t విలువ 2.776. ఆ ఏడాది రిపోర్టుల్లో ± దాదాపు మూడో వంతు తక్కువ పడింది. ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

నాకు ఇది బాగా పనికొస్తోంది, ఎందుకంటే మా శాంపిళ్లు చాలావరకు పరిమితి చుట్టూనే తిరుగుతాయి. స్టాండర్డ్ల సగటు సరిగ్గా 1.0 మీద పడేలా పెట్టుకున్నది కూడా అందుకే, అక్కడ ± అన్నిటికంటే చిన్నది. గీత మొదట్లో ఇదే గడి అంత ధైర్యం ఇవ్వదు. ఆ రోజు కర్వ్ మీద 0.020 చదివే శాంపిల్‌ని ఒక్కసారి చేస్తే వచ్చేది 0.08 ± 0.06. మున్సిపల్ కుళాయి నీళ్లకి దాదాపు ఎప్పుడూ ఇలాంటివే వస్తాయి, వాటికి "0.2 కంటే తక్కువ" అని రాసి ఊరుకుంటాను. మీరు గీతని అబ్సార్బెన్స్ 1.5 దాకా సాగదీసేవాళ్లయితే ఈ ఫార్ములాని ఇలాగే ఎత్తుకెళ్లొద్దు. కింద చుక్కలూ పై చుక్కలూ ఒకేలా ఊగుతాయని నమ్మి కట్టిన లెక్క ఇది, పైకి వెళ్లేకొద్దీ ఊగు పెరిగితే వెయిటెడ్ గీత కావాలి. నాకు 0.4 దాటే పని పడదు కాబట్టి అది ఇంతవరకు ప్రయత్నించలేదు. రోజుకి యాభై శాంపిళ్లు చేసే చోట ప్రతిదానికీ నాలుగు ఫ్లాస్కులు ఎవరు పెడతారు? నేనూ పెట్టను. ఒక్క ఫ్లాస్కుతో చేసి, ± అంచు 1.0ని తాకితేనే మిగతా మూడూ పెడతాను.